బోనాఫైడ్ ఆఫర్ అంటే నిజమైన ఆఫరా, సదుద్దేశంతో చేసిన ఆఫరా?

కరీంనగర్_అభ్యర్థి
మాక్ టెస్టులో ఒక ఇంగ్లీష్ వాక్యం ఇచ్చి బోనాఫైడ్ కింద గీత గీశారు. "ఆ ఇల్లు కొంటానని అతను బోనాఫైడ్ ఆఫర్ ఇచ్చాడు" అని వాక్యం. ఆప్షన్లు: ఎ) జెన్యూన్, బి) మేడ్ ఇన్ గుడ్ ఫెయిత్, సి) లీగల్, డి) ఫ్రీ. నేను బి పెట్టాను. కీలో ఎ ఉంది. నెగటివ్ మార్కు కూడా పడింది. ఎవరు రైట్?

గైడ్_మాస్టారు
ఎ. ఇందులో చర్చ ఏముంది తమ్ముడూ? బోనాఫైడ్ అంటే జెన్యూన్. ఏ గైడులో చూసినా ఇదే ఉంటుంది. పర్ క్యాపిటా అంటే తలసరి, ఆడ్ హాక్ అంటే ప్రత్యేకంగా ఆ పనికోసం, బోనాఫైడ్ అంటే జెన్యూన్. ఒక మాటకు ఒక అర్థం రాసుకుని పది రోజులు చదువు, మార్కు పోదు.

మూలార్థం
మాస్టారూ, గైడు తప్పు. లాటిన్‌లో బోనా అంటే మంచి, ఫిదే అంటే విశ్వాసం. రెండూ తృతీయా విభక్తిలా వాడే రూపంలో ఉన్నాయి, కాబట్టి "మంచి విశ్వాసంతో" అని అర్థం. జెన్యూన్ అన్న మాటే అందులో లేదు. బి తప్ప ఇంకేదీ కుదరదు. ఏ లాటిన్ పదబంధానికైనా మూలార్థం పట్టుకుంటే చాలు, ఎప్పుడూ తప్పు పోదు.

నల్లగొండ_నాని
బోనాఫైడ్ అంటే కాలేజీలో ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ కదా? స్కాలర్‌షిప్‌కి అడుగుతారు.

గైడ్_మాస్టారు
చూశారా, నాని చెప్పింది నాకే సాక్ష్యం. ఈ విద్యార్థి నిజంగా మా కాలేజీలో చదువుతున్నాడు అని ప్రిన్సిపాల్ సంతకం పెట్టేది ఆ సర్టిఫికెట్. నిజంగా, అంటే జెన్యూన్. మీ మంచి విశ్వాసం అక్కడ పెట్టి చూడండి. "ఇతను మంచి విశ్వాసంతో చేసిన విద్యార్థి" అని రాస్తారా?

కోర్టు_మెట్లు
నేను జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూస్తాను. మూలార్థం గారి జవాబు సరైనదే, కారణం సరైనది కాదు. మాస్టారు సర్టిఫికెట్ గురించి చెప్పింది సరైనదే, ఈ ప్రశ్నకు మాత్రం పనికిరాదు.

బోనాఫైడ్ ఏ నామవాచకం ముందు కూర్చుందో చూడాలి. విద్యార్థి ముందు ఉంటే అతని ఉద్దేశం ఎవరూ అడగరు. రోల్స్‌లో ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న, కాబట్టి జెన్యూన్. ఆఫర్ దగ్గరికి వస్తే ప్రశ్న మారిపోతుంది. ఒకాయన ఇల్లు 60 లక్షలకు అమ్మకానికి పెట్టాడు అనుకోండి. కొనే ఆలోచన ఏమాత్రం లేని పక్కింటాయన, ధర పెంచడానికి సాయం చేద్దామని 70 లక్షలు ఇస్తానని లెటర్ రాసి సంతకం పెట్టాడు. ఓనర్ ఆ కాగితం ఇంకో కొనుగోలుదారుకి చూపించి 68 లక్షలకు బేరం కుదుర్చుకున్నాడు. లెటర్ ఫోర్జరీ కాదు, సంతకం నిజం, పేరు నిజం. అయినా అది బోనాఫైడ్ ఆఫర్ కాదు, ఎందుకంటే కొనాలన్న ఉద్దేశమే లేదు. ఇక్కడ పరీక్షించేది ఉద్దేశాన్ని, కాబట్టి బి.

మూలార్థం
చివరికి బి అనే కదా అన్నారు. మరి నా కారణం ఎక్కడ తప్పిందో చెప్పండి.

కోర్టు_మెట్లు
"ఎప్పుడూ" అన్నారు చూడండి, అక్కడ తప్పింది. ఫ్రెంచి నుంచి వచ్చిన కార్ట్ బ్లాంష్ తీసుకోండి. మాటకు మాట చూస్తే తెల్ల కాగితం. కొత్త కోచ్‌కి బోర్డు జట్టు ఎంపికలో కార్ట్ బ్లాంష్ ఇచ్చింది అంటే, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని పూర్తి అధికారం ఇచ్చిందని అర్థం. సంతకం పెట్టిన ఖాళీ కాగితం చేతికిచ్చి, ఏం రాసుకున్నా ఒప్పుకుంటాను అనడం నుంచి ఆ అర్థం పుట్టింది. ప్రశ్న తయారు చేసేవాళ్లు ఖాళీ కాగితం అని ఒక ఆప్షన్ పెట్టేది మీలాంటి వాళ్లను పట్టుకోవడానికే. అలీబి కూడా అంతే. లాటిన్‌లో "మరోచోట" అని మాత్రమే. ఇంగ్లీష్‌లో నేరం జరిగినప్పుడు నేను మరోచోట ఉన్నానని చేసే వాదన. మూలం గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, జవాబు నిర్ణయించడానికి చాలదు.

మూలార్థం
మీరు చెప్పిన రెండింటిలోనూ మూలం లోపలే ఉంది కదా. మూలం తెలియకపోతే ఖాళీ కాగితం నుంచి అధికారం ఎలా వచ్చిందో మీరే చెప్పలేకపోయేవాళ్లు. నా మాట మీదే నేనున్నాను.

ఎడిసన్_ఆంధ్రుడు
ఇక్కడ అమెరికాలో ఎక్కువమంది ఫైడ్ అని ఆపేస్తారు. బ్రిటిష్ వాళ్లు ఫైడీ అంటారు. ఇంటర్వ్యూలో ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి.

ప్లాటు_బాధితురాలు
కోర్టు మెట్లు గారూ, మీ ఉద్దేశం కథ మీ దగ్గరే ఉంచండి. మాకు ప్లాటు అమ్మినాయన అంతకుముందే ఇంకొకరికి అగ్రిమెంట్ రాసిచ్చాడు, రిజిస్టర్ కూడా చేయించాడు. ఆ సంగతి మాకు తెలియదు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ క్లియర్ అని బ్రోకర్ అన్నాడు. లింకు డాక్యుమెంట్లు చూపించాడు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి పూర్తి డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. ఆ మొదటి మనిషి కేసు వేస్తే కోర్టు ఏమందో తెలుసా? మేము బోనాఫైడ్ కొనుగోలుదారులం కాదట. మా ఉద్దేశంలో ఏం లోపం ఉంది? మేమేమన్నా దొంగలమా? ఉద్దేశమే అర్థమైతే మేము గెలవాలి కదా!

గైడ్_మాస్టారు
అందుకే చెప్పాను, ఇవన్నీ లా కాలేజీ గొడవలు. పిల్లవాడు అడిగింది ఒక్క మార్కు ప్రశ్న. మేడమ్ ప్లాటు వేరు, ఇది వేరు.

ప్లాటు_బాధితురాలు
వేరు ఎలా అవుతుంది? అదే మాట. నా మీద తీర్పులో రాసిన మాట.

కోర్టు_మెట్లు
మేడమ్, మిమ్మల్ని ఎవరూ దొంగ అనలేదు. మీ కేసులో నడిచేది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 19(బి). ముందు అగ్రిమెంట్ ఉన్నవాడి నుంచి తప్పించుకోవాలంటే, తర్వాత కొన్నవాళ్లు డబ్బు కట్టి ఉండాలి, సదుద్దేశంతో కట్టి ఉండాలి, పైగా ఆ పాత అగ్రిమెంట్ గురించి నోటీసు లేకుండా కట్టి ఉండాలి. మీరు పడిపోయింది బహుశా మూడో దాంట్లో. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 3 ప్రకారం రిజిస్టర్ అయిన పత్రం గురించి, తర్వాత కొనేవాళ్లకు తెలిసినట్టే లెక్క. మీరు నిజంగా చూశారా లేదా అని అడగరు. ఈసీ స్వయంగా తీయిస్తే ఆ అగ్రిమెంట్ ఎంట్రీ కనపడేది. బ్రోకర్ నోటి మాట ఆ లెక్కను మార్చదు. మామూలు మాటల్లో ఈ మూడింటినీ కలిపి బోనాఫైడ్ కొనుగోలుదారు అంటారు, అందుకే మీ మనసుకు అది నిందలా తగిలింది.

ప్లాటు_బాధితురాలు
అంటే అజాగ్రత్తగా ఉంటే నిజాయితీ పోయినట్టేనా?

కోర్టు_మెట్లు
ఈ ప్రశ్నకు మన చట్టాల్లోనే రెండు జవాబులు ఉన్నాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ ప్రకారం నిజాయితీగా చేస్తే చాలు, అజాగ్రత్తగా చేసినా అది గుడ్ ఫెయిత్ కిందికే వస్తుంది. పాత ఐపీసీ సెక్షన్ 52 ఇంకోలా చెప్పింది. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది గుడ్ ఫెయిత్ కాదంది. ఇప్పుడు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది. లిమిటేషన్ యాక్ట్ కూడా జాగ్రత్త కావాలనే అంటుంది. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ తనకంటూ నిర్వచనం ఇచ్చుకోలేదు కాబట్టి జనరల్ క్లాజెస్ వర్తిస్తుందని నేను వాదిస్తాను. అప్పుడు మీ నిజాయితీ పోలేదు, నోటీసు దగ్గర మాత్రం ఓడారు. అయితే జడ్జీలు చాలాసార్లు విచారించాల్సిన బాధ్యతను కూడా సదుద్దేశంలోనే కలిపి చూస్తారు.

గైడ్_మాస్టారు
చాలు సార్! ఇదే నాకు మండేది. ఒకే దేశం, ఒకే మాట, చట్టానికో అర్థం. ఇది మీకు సంబరంగా ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు తెలుగు మీడియం పిల్లలు. ఇంట్లో ఇంగ్లీష్ పేపర్ రాదు. హాల్లో ఈ ప్రశ్నకు అర నిమిషం ఉంటుంది. ఆ అర నిమిషంలో పక్కింటాయన 70 లక్షల లెటర్ గుర్తు చేసుకోమంటారా? పట్నంలో ఇంగ్లీష్ మీడియం చదివినవాడికి చెవికే తెలుస్తుంది. మావాడికి చేతిలో లిస్టు ఒక్కటే ఉంది. దాన్ని కూడా మీరు లాక్కుంటున్నారు.

కోర్టు_మెట్లు
లాక్కోవడం లేదు మాస్టారూ. ఆ లిస్టు వల్లే కదా ఈ తమ్ముడి కీ తప్పింది! కీ తయారు చేసినవాడు కూడా అదే లిస్టు చూసి ఉంటాడు. నేను చెప్పేది అర నిమిషంలో అయ్యే పనే. పక్కన ఉన్నది మనిషో వస్తువో అయితే, ఇది నకిలీయా అని అడగండి. అడగడం కుదిరితే జెన్యూన్. పక్కన ఉన్నది ఆఫర్, ప్రయత్నం, నమ్మకం లాంటి మనిషి చేసే పని అయితే, మోసం ఉందా అని అడగండి. అప్పుడు గుడ్ ఫెయిత్.

గైడ్_మాస్టారు
మరి జెన్యూన్ ఆఫర్ అని ఇంగ్లీష్ వాళ్లు అనరా? అంటారు. కొనాలన్న నిజమైన కోరికతో ఇచ్చిన ఆఫర్ అనే అర్థంలోనే అంటారు. మీ పక్కింటాయన ఆఫర్ జెన్యూన్ కూడా కాదు. కాబట్టి మీ పరీక్షలో ఎ కూడా పాసవుతుంది.

మూలార్థం
ఈ ఒక్క మాట మాస్టారు సరిగ్గా అన్నారు.

కోర్టు_మెట్లు
అవును, ఆ వాక్యంలో జెన్యూన్ కూడా నప్పుతుంది, కాదనను. కానీ ఎ తీసుకుంటే ఆఫర్ ఏ రకంగా నిజమో చెప్పదు, బి సూటిగా చెబుతుంది. దగ్గరి అర్థం ఉన్న రెండు ఆప్షన్లు పెట్టి, తక్కువ సూటిగా ఉన్నదానికి మార్కు ఇస్తే అది ప్రశ్న వేసినవాడి లోపం. నా లెక్కలో బి. రెండూ ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎ ఒక్కటే అంటే మాత్రం ఒప్పుకోను.

విశాఖ_విజయ
మొత్తం చదివాక నాకు ఒకటే అర్థమైంది, నాని అడిగిన సర్టిఫికెట్ సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నారు 🙂

కరీంనగర్_అభ్యర్థి
ఇన్‌స్టిట్యూట్‌కి అభ్యంతరం పంపుతున్నా అన్నా. 70 లక్షల లెటర్ ఉదాహరణ రాసి, కనీసం రెండింటికీ మార్కు ఇవ్వమని అడుగుతున్నా.

గైడ్_మాస్టారు
పంపు. కానీ అసలు పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఎ పెట్టు. కీ మార్చమని నువ్వు అక్కడ వాదించలేవు.

ప్లాటు_బాధితురాలు
కోర్టు మెట్లు గారూ, తీర్పు వచ్చి మూడు వారాలు దాటింది. మా లాయరు అప్పీలు మాట ఎత్తడం లేదు.

కోర్టు_మెట్లు
ఆలస్యం చేయకండి మేడమ్. అప్పీలు జిల్లా కోర్టుకు వెళ్లాల్సిన కేసైతే డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు, హైకోర్టుకైతే 90. సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టే రోజులు అందులోంచి తీసేస్తారు, కానీ కాపీకి దరఖాస్తు మీరు పెట్టుకుని ఉండాలి. తీర్పు చేతికి వచ్చాక, నోటీసు మీద ఓడారా, సదుద్దేశం మీద ఓడారా అని ఆ పేరా వెతకండి. రెండోది అయితే జనరల్ క్లాజెస్ వాదన పనికొస్తుంది. మొదటిది అయితే ముందు ఈసీ తీయించి, ఆ అగ్రిమెంట్ మీ సర్వే నంబరు మీదే, ఆ ప్లాటు హద్దులతోనే ఎక్కిందా అని చూసుకోండి.