కన్ను తెల్లబడితే చేప పాడైనట్టేనా? ఫొటో చూసి చెప్పొచ్చా?

కొత్తబుట్ట
మా అన్నయ్య చేపల మార్కెట్లో నిలబడి మూడు ఫొటోలు పంపాడు. కన్ను పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. మొప్పలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. కోసిన చోట కండ మెరుస్తోంది. వీటిని చూసి తాజాదో కాదో చెప్పగలమా? కొనమననా, వద్దననా?

గాలం
వద్దనండి. కన్ను తెల్లబడ్డాక ఇంకేం చూడక్కర్లేదు. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా ఉంటుంది, కనుపాప నల్లగా నిగనిగలాడుతుంది. రోజులు గడిచేకొద్దీ చదునవుతుంది, బూడిదరంగుకు తిరుగుతుంది, చివరికి లోపలికి పీక్కుపోతుంది. ముప్పై ఏళ్ళుగా కన్ను చూసే కొంటున్నాను.

ఐస్‌గది
గాలం గారు చెప్పిన వరుస సరైనదే. కానీ ఒక్క ప్రశ్న. అది ఏ వైపు కన్ను?

పదకొండేళ్ళు చేపల గ్రేడింగ్‌లో పనిచేశాను. పెట్టెలో చేపను ఐస్ మీద పక్కకు పడుకోబెడతారు. కింది వైపు కన్ను ఐస్‌కి ఆనుకుని, కరిగిన నీళ్ళలో నానుతూ ఉంటుంది. నిన్న పట్టిన చేపకైనా ఆ కంటి పైపొర తెల్లబడొచ్చు. అదే చేపను తిప్పి చూస్తే రెండో కన్ను అద్దంలా ఉంటుంది. అమ్మేవాడు ఆ పూట ఏ వైపు పైకి పెట్టాడో దాన్నిబట్టి ఫొటోలో మంచి చేప చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది. అన్నయ్యను చేపను తిప్పి ఇంకో ఫొటో తీయమనండి.

సన్నజాజి
మా పిల్లి మూతి దగ్గర పెడితే చాలు, చెప్పేస్తుంది. దానికి ఫొటోలు పనికిరావు :)

గాలం
చూడమ్మా, ఐస్ తగిలిందన్నది అమ్మేవాళ్ళందరూ చెప్పే మాటే. తెల్లబడిన కన్ను నిజంగా పాతదై తెల్లబడిందా, ఐస్ వల్లా అని ఫొటోలో నేనెలా కనుక్కోవాలి?

కెమెరాపిచ్చి
కనుక్కోవచ్చు సార్. రంగు వదిలేసి కంట్లో పడిన వెలుగు చూడండి. పైన బల్బు ఉంటే ఉబ్బెత్తు కంటి మీద దాని ప్రతిబింబం చిన్న చుక్కలా, అంచు పదునుగా పడుతుంది. కన్ను చదునై, తడారిపోతే అదే వెలుగు చెదిరిన మరకలా కనిపిస్తుంది. ఇంకోటి, జనం చేపను పైనుంచి ఫొటో తీస్తారు. అందులో ఉబ్బు తెలియదు. ఫోన్‌ని చేప ఒంటికి సమానంగా కిందికి దించి, పక్క నుంచి తీయాలి. పైపొర మసకబారినా గుండ్రంగా ఉబ్బి ఉంటే ఐస్ వల్ల కావచ్చు. మసకబారి, లోపలికి కూడా పోయిందంటే మాత్రం పాతదే.

ఇక మొప్పల రంగు చాలా సులువు. షాపు మీద ఎర్ర టార్పాలిన్ ఉంటే అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తే ఇంటికొచ్చాక రంగు సరిచేసుకోవచ్చు. సరిచేశాక కూడా ఎర్రగా ఉంటే చేప తాజాదే, అంతే.

ఐస్‌గది
వెలుగు చుక్క సంగతి బాగుంది, నేను కూడా అలాగే చూసేదాన్ని, పేరు పెట్టి చెప్పడం తెలియలేదు. మొప్పల దగ్గర మాత్రం ఒప్పుకోను. పట్టగానే రక్తం కార్చేసిన చేపకు మొప్పలు మొదటిరోజే పాలిపోయి ఉంటాయి. మంచినీళ్ళలో బాగా కడిగినా రంగు వెలుస్తుంది. రంగు పూసేవాళ్ళూ ఉన్నారు, తెల్ల టిష్యూతో తుడిస్తే అంటుకుంటుంది, ఫొటోకి అంటుకోదు కదా.

రంగు కన్నా మొప్ప పోగులు చూడండి. మూత ఎత్తి దగ్గర నుంచి తీసిన ఫొటోలో తాజా మొప్ప దువ్వెనలా ఉంటుంది, ఏ పన్నుకా పన్ను విడిగా లెక్కపెట్టేలా. పైన జిగురు ఉన్నా నీళ్ళలా పారదర్శకంగా ఉంటుంది. పాతబడేకొద్దీ జిగురు చిక్కబడి మసకబారుతుంది, పోగులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఎర్ర టార్పాలిన్ కింద తీసినా ఈ ముద్ద దాగదు.

వానచినుకు
మా తొట్టిలో చేపకు కూడా రెండు రోజుల నుంచి ఒక కన్ను తెల్లబడింది. తింటోంది, ఈదుతోంది. ఐస్ కూడా వేయలేదు. ఏ మందు వేయాలి?

ఐస్‌గది
వానచినుకు గారూ, మీది బతికున్న చేప అండీ. దాని సంగతి వేరు. ముందు తొట్టి నీళ్ళు చూసుకోండి, మిగతాది అక్వేరియం వాళ్ళని అడగండి.

గాలం
మొప్పలూ దువ్వెనలూ అంటూ ఎంత చెప్పినా నేను నమ్మను, ఎందుకో కూడా చెబుతాను. రెండేళ్ళ కిందట ఒకతను ఫోన్‌కి ఫొటో పంపాడు. ట్యూనా. కన్ను నల్లగా తళతళలాడుతోంది, మొప్పలు ఎరుపు. ఇంటికి తెప్పించుకున్నాం. వాసన కూడా లేదు. బాగా ఉడికించి తిన్నాం. అరగంటలో నా ముఖం, మెడ ఎర్రబడ్డాయి, తల పగిలిపోతోంది, గుండె దడ. ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకున్నాను. ఇప్పుడు చెప్పండి ఫొటో చూసి కొనమని.

ఐస్‌గది
మీకు జరిగింది బాధాకరం. కానీ గాలం గారూ, మీ కథ మీకే ఎదురు తిరుగుతోంది. ఆ రోజు కన్ను బాగానే ఉంది కదా!

మీరు చెప్పిన లక్షణాలన్నీ హిస్టమిన్‌వి, అంటే ఒంట్లో అలర్జీలాంటి బాధలు తెచ్చే పదార్థానివి. ట్యూనా, కానాగంతలు, సార్డిన్ల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక కొన్ని గంటలు వెచ్చగా ఉంటే చాలు, బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఆ తర్వాత ఐస్‌లో పెట్టినా, ఉడికించినా అది పోదు. కన్ను చెడడానికి రోజులు పడుతుంది, దీనికి ఒక ఎండపూట సరిపోతుంది. అందుకే కన్ను తళతళలాడుతూనే ఉంది. ఇది కంట్లో కనబడదు, మొప్పలో కనబడదు, ఎంత మంచి ఫొటోలోనూ కనబడదు. ఆ జాతి చేపల విషయంలో ఫొటో కాదు, పట్టినప్పటి నుంచి ఐస్‌లో ఉందా లేదా అని అడగాలి.

గాలం
అంటే నేను తెలివితక్కువవాణ్ణి అంటారు. సరే. కన్ను బాగుంటే నమ్మకూడదు, బాగాలేకపోతేనేమో నమ్మాలి. ఇదేం లెక్క? మీరు అమ్మేవాళ్ళ తరఫున మాట్లాడుతున్నారని మొదటి నుంచీ అనుమానంగానే ఉంది.

ఐస్‌గది
అవును, అమ్మేవాళ్ళ తరఫునే మాట్లాడతాను, తప్పేముంది? మా నాన్నది చిన్న పడవ. ఒకసారి ఐదు పెట్టెల చేప తెచ్చాడు. కొనేవాడు రాలేదు, ఫొటో పంపమన్నాడు. పెట్టెలో పై వరుస చేపల ఐస్‌కి ఆనిన వైపు కళ్ళు ఫొటో తీశాం, సగం తెల్లగా ఉన్నాయి. అంతే, వద్దన్నాడు. తిప్పి చూపిస్తామంటే ఫోన్ పెట్టేశాడు. ఇంకో కొనుగోలుదారు దొరికేసరికి ఐస్ కరిగిపోయింది. పది డిగ్రీల దగ్గర చేప సున్నా కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా పాడవుతుంది. సాయంత్రానికి నిజంగానే పాడైపోయింది. పారబోశాం. కళ్ళు తెల్లగా ఉన్నాయని పారబోయలేదు, కళ్ళు తెల్లగా ఉన్నాయన్న వాళ్ళ వల్ల పారబోశాం.

కెమెరాపిచ్చి
ఇప్పుడు అర్థమైంది. మీరిద్దరూ కన్ను గురించి కొట్టుకోవట్లేదు. ఒకరు చెడ్డ చేప ఇంటికి రాకూడదంటున్నారు, ఇంకొకరు మంచి చేప వెనక్కి పోకూడదంటున్నారు.

గాలం
నా గుండె దడకీ, ఐదు పెట్టెల చేపకీ పోలికా?

ఐస్‌గది
మీకు లేదేమో. మాకు ఆ నెలంతా అవే.

ఇక అడిగినదానికి వస్తాను. గ్రేడింగ్‌లో ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తేల్చరు. 1980లలో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన క్వాలిటీ ఇండెక్స్ పద్ధతిలో కన్ను, మొప్పలు, చర్మం, కండ ఇలా ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసి కూడతారు. సున్నా అంటే కొత్తది. కంటికి రెండు పడినా మిగతావి సున్నాలైతే చేప బయటపడుతుంది. పట్టిక కూడా జాతి జాతికీ వేరు. ఫొటోలో కండ గట్టిదనం రాదు, వాసన రాదు, అంటే అసలు ముఖ్యమైన రెండూ రావు. "కండ మెరుస్తోంది" అన్నారు కదా, నీళ్ళు చల్లితే ఏ కండైనా మెరుస్తుంది. కోసిన ముక్కలో నడి ఎముక పక్కనుండే రక్తపు చారను చూడాలి. తాజాదైతే ఎర్రగా ఉంటుంది, నిలవైతే గోధుమరంగుకు తిరుగుతుంది.

కొత్తబుట్ట
అన్నయ్య చేపను తిప్పి తీశాడు. రెండో కన్ను నల్లగా, స్పష్టంగా ఉంది, కొంచెం చదునుగా అనిపిస్తోంది. మొప్ప దువ్వెనలాగే ఉంది, జిగురు నీళ్ళలా ఉంది, రంగు మాత్రం మసకగా ఉంది. రక్తపు చార ముదురు ఎరుపు. వేలితో నొక్కి వీడియో కూడా పంపాడు. గుంట పడింది, రెండు మూడు సెకన్లలో మెల్లగా నిండింది. చేప ట్యూనా జాతి కాదు.

ఐస్‌గది
ఈ వీడియో మూడు ఫొటోలకన్నా మేలు. నిన్నటిది కాదు. కొన్ని రోజులుగా ఐస్‌లో ఉన్న చేప, మొదటి రకం కాదు, పాడైందీ కాదు. గుంట నిండకుండా అలాగే ఉండిపోతే వద్దనేదాన్ని. మొప్ప దగ్గర ముక్కు పెట్టి పుల్లని వాసన, ఘాటు వాసన లేదంటే తీసుకోమనండి, ఈ రోజే వండేయమనండి.

గాలం
నేనైతే తీసుకోను. మార్కెట్లో అదొక్కటే చేపా?

సన్నజాజి
పిల్లిని పంపనా?

కొత్తబుట్ట
అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదు. కొనేసినట్టున్నాడు.

గాలం
అయితే ఇంటికి వచ్చేలోపు ఐస్ పెట్టించుకోమని మెసేజ్ పెట్టండి. అది మాత్రం ఆవిడ చెప్పింది నిజమే.