అప్‌డేట్: ట్రస్టు బోర్డు నామినేషన్‌కు బయో ఎలా కుదిరిందంటే

నా పాత ప్రశ్న: "బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. కావలిలో ఒక విద్యా ట్రస్టు బోర్డుకు నామినేషన్ వేస్తున్నాను. ఒక పేజీ బయో అడిగారు, ఏం రాయాలి?"

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పోయిన వారం నన్ను బోర్డులోకి తీసుకున్నారు.

బాగా పనికొచ్చింది "పదవులు కాదు, పాటించిన పద్ధతులు రాయండి" అన్న మాట. "రుణాలు మంజూరు చేసే అధికారం ఉండేది" అన్న వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "మంజూరు ఒకరు, డబ్బు విడుదల మరొకరు చేసేలా చూశాను. ఆడిట్ అభ్యంతరాలకు గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, సరిచేయించాను." బోర్డు పని కూడా అదే కదా, డబ్బు ఎలా కదులుతోందో గమనించడం.

"సమాజసేవ అంటే ఇష్టం" అన్నదీ తీసేశాను. దాని బదులు, రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా వీధి పొదుపు సంఘాల పుస్తకాలను బ్యాంకు పాసుబుక్కులతో సరిచూస్తున్నానని రాశాను. ఇంటర్వ్యూలో దీని గురించే ఎక్కువసేపు అడిగారు.

నాకు తట్టని ఒక విషయాన్ని నాకు పరిచయమున్న ఆడిటర్ గారు పట్టుకున్నారు. ఆ ట్రస్టు ఖాతా నేను మేనేజరుగా చేసిన బ్రాంచిలోనే ఉంది, వాళ్ల భవనం రుణం మంజూరు చేసింది కూడా నేనే. దాచినట్టు కనిపిస్తే తర్వాత నమ్మకం పోతుందన్నారు. అందుకే చివర్లో ఆ సంగతి చెప్పి, ఆ రుణంపై చర్చ వచ్చినప్పుడు సమావేశం నుంచి బయటికి వెళ్తానని, ఓటు వేయనని రాశాను. ఆ వాక్యాన్ని వాళ్లు మినిట్స్‌లో కూడా నమోదు చేశారు.

డిపాజిట్ టార్గెట్ల అవార్డులు, బ్రాంచీల జాబితా, ఇంగ్లిష్ కాపీ, వీటి కోసం పడ్డ టెన్షన్ అనవసరం. ఎవరూ అడగలేదు.