సమస్యాపూరణం: «తనదు గజములె తనసేనఁ దాఁకి చంపె»

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. చతురంగబలాల మీదే పూరించాలి. ఊహా యుద్ధం వద్దు, క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడు అలెగ్జాండరుతో చేసిన యుద్ధం తీసుకోండి. తన ఏనుగులే తన సేనను ఎందుకు తొక్కాయో పై మూడు పాదాల్లో తెలియాలి.

గోదారోడు: నాది చూడండి.

ముందు గోడలా శత్రువు మోహరింప
మావటీఁడు బాణముఁ దాఁకి మడిసినంత
దారి తెలియని యేనుఁగు పరుగులెత్తె
తనదు గజములె తనసేనఁ దాఁకి చంపె

అసలు ఏనుగుల్ని నమ్ముకోవడమే తప్పండీ. గుర్రాలు ఎక్కువుంటే గెలిచేవాళ్ళం.

పద్యప్రియ: మూడో పాదంలో యతి తప్పింది తమ్ముడూ. «దా»కి «ప» చెల్లదు. ప్రాసయతి అందామన్నా «దారి»లో ముందున్నది గురువు, «పరుగు»లో లఘువు. «దారి తెలియని యేనుఁగు తరలిపోయె» అంటే సరిపోతుంది. మావటి పడటం మాత్రం నిజం. గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ రాసిన దాంట్లో మావటులు బాణాలకి కూలడం, ఏనుగులు అదుపు తప్పడం రెండూ ఉన్నాయి. అయితే అది ఆఖరి ఘట్టం. పద్యం అక్కడే మొదలైంది, అంతకు ముందు ఏం జరిగిందో రాలేదు.

ఏనుగులు దండగ అన్నది నేను ఒప్పుకోను. ఆ రోజు వాటికి ఎదురు నిలిచిన అలెగ్జాండరు సేనాని సెల్యూకస్, తర్వాత చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు తీసుకెళ్ళాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ దగ్గర శత్రువుల గుర్రాలు తిరిగి రాకుండా ఏనుగుల్ని అడ్డం పెట్టి గెలిచాడు. దెబ్బ తిన్నవాడే వాటి విలువ గ్రహించాడు.

గోదారోడు: యతి దిద్దుకుంటా అండీ. మరి అక్షౌహిణి లెక్కలో ఏనుగుకి అయిదుగురే కదా కాల్బలం? పురుషోత్తముడికి 200 ఏనుగులు, 30,000 మంది కాలిబంట్లు. ఒక్కో ఏనుగుకి 150 మంది! ఇంతమంది ఉండీ ఎలా ఓడాడు?

మాజీ సుబేదారు: నేను ట్యాంకుల దళంలో పనిచేశాను. పక్కన కాల్బలం లేకుండా ట్యాంకుని ఇరుకులోకి పోనిచ్చేవాళ్ళం కాదు. మనుషులు ఎంతమంది ఉన్నారని కాదు, ఎక్కడ ఉన్నారని చూడాలి. నా పూరణ:

కాలి కడ నిల్చి కాచెడు కాలి బంట్లు
విడిచి పోవంగ నొంటరై వెఱచి తిరిగి
యదుపు తప్పిన యా వేళ నఱచి యఱచి
తనదు గజములె తనసేనఁ దాఁకి చంపె

పద్యప్రియ: యతులన్నీ కుదిరాయి సుబేదారు గారూ. మీ మాట కౌటిల్యుడికీ నచ్చేది. ఏనుగుకి పదిహేను మంది కాలిబంట్లు ఎదుట పోరాడాలనీ, కాళ్ళ దగ్గర పాదగోపులు వేరే ఉండాలనీ అర్థశాస్త్రంలో చెప్పాడు. కానీ జీలంలో కాలిబంట్లు విడిచిపోలేదు. ఏరియన్ ప్రకారం ఏనుగులు సుమారు వందేసి అడుగుల ఎడంతో ముందు వరసలో ఉన్నాయి, కాల్బలం వాటి వెనకే నిలిచింది. రెండు పక్కలా గుర్రాలు, వాటి ముందు రథాలు. అమరిక మంచిదే.

చెడింది పక్కల్లో. అలెగ్జాండరు ఎడమ పక్కను కొట్టాడు. దాన్ని ఆదుకోవడానికి కుడివైపు గుర్రాలు వస్తుంటే, అతని సేనాని కోయినస్ వెనక నుంచి తగులుకున్నాడు. రెండు వైపులా పోరాడలేక ఆ గుర్రాలు ఏనుగుల మధ్యకి వచ్చి పడ్డాయి. ఆ వంద అడుగుల ఎడమూ నిండిపోయింది. ఏనుగుకి తిరగడానికి చోటు లేదు, కాలిబంటుకి తప్పుకోవడానికి దారి లేదు. ఎదుట గ్రీకులు మాత్రం విశాలంగా ఉన్నారు, ఏనుగు మీదికొస్తే వెనక్కి జరిగేవారు, తిరిగితే వెంటపడి ఈటెలు విసిరేవారు. అందుకే నా పూరణ ఇలా వచ్చింది:

రాత్రి కురిసిన వానకు రథము చిక్కెఁ
బక్క నుండిన హయసేన పాఱి వచ్చి
యేనుఁగుల మధ్య నిరికె నా యిరుకులోన
తనదు గజములె తనసేనఁ దాఁకి చంపె

గోదారోడు: రథం, గుర్రం, ఏనుగు మూడూ వచ్చేశాయి. కాల్బలం ఏదండీ?

పద్యప్రియ: తొక్కించుకున్న «తనసేన»లో ఉంది.

మాజీ సుబేదారు: మొదటి పాదం మీద నాకు అభ్యంతరం ఉంది. బురదలో దిగబడిన రథాలు పురుషోత్తముడి కొడుకు తీసుకెళ్ళినవి కదా? అది ముందు జరిగిన చిన్న పోరు. అసలు యుద్ధానికి ఇసుక నేల చూసి మరీ బారులు తీర్చాడు. రెండు పోరాటాల్నీ ఒకే ఊపులో చెబితే కథ మారిపోతుంది.

నిర్వాహకుడు: అలెగ్జాండరు వెంట ఉండి చరిత్ర రాసినవాళ్ళలో, కొడుకు తీసుకెళ్ళిన రథాలు టాలెమీ లెక్కలో 120, అరిస్టోబ్యులస్ చెప్పినవి 60. ఏది తీసుకున్నా అవి నది దాటొచ్చిన వాళ్ళని అడ్డుకోవడానికి పోయినవే. సుబేదారు గారి అభ్యంతరం నిలుస్తుంది.

పద్యప్రియ: పోయిన ఆ రథాలు ప్రధాన సేనకి లేకుండా పోయాయి కదా, ఆ లోటు పక్కల్లో కనబడలేదంటారా? నాకు మొదటి పాదం ఉండాలనే ఉంది.

మాజీ సుబేదారు: అసలు యుద్ధంలో ఇంకా 300 రథాలున్నాయి మేడం. అవి ఎందుకు పనికి రాలేదో చెప్పే పాదం రాయండి, ఒప్పుకుంటాను.