గల్లా లెక్క: రాత్రి ఒక్కసారి చాలా, పొద్దున్న కూడా చూడాలా?

కొత్త దుకాణదారు: షాపులో నేను, ఒక హెల్పర్, అంతే. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు చేయాల్సిన పనులు రాసి గోడకి అంటించాను. రాత్రి గల్లా లెక్కపెట్టి తాళం వేశాక మళ్లీ పొద్దున్నే లెక్కెందుకు, దండగ అంటాడు మా హెల్పర్. ఆ పని తీసేయమంటారా?

పాత కాపు: తీసేయండి. తాళం వేసిన పెట్టెలో డబ్బు రాత్రికి రాత్రే మారదు. రాత్రి లెక్క మాత్రం మీరే చూసుకోండి, హెల్పర్ చేతికివ్వకండి.

లెక్కల మనిషి: రాత్రి లెక్కపెట్టినవారే పొద్దున్న గల్లా దగ్గర కూర్చుంటే మీ మాట సరే. మనిషి మారితే కాదండీ. సాయంత్రం తేడా వస్తే అది ఎవరి చేతిలో వచ్చిందో తేలదు. అనుమానం హెల్పర్ మీదికే పోతుంది. పొద్దున్న లెక్క అతనికే రక్ష.

ఆ పని రెండు నిమిషాల్లో అయిపోవాలంటే రోజూ రాత్రి ఒకే మొత్తం, ఉదాహరణకి 2,000, చిల్లరగా గల్లాలో ఉంచి మిగతాది తీసేయండి. మూసేటప్పుడు హెల్పర్‌నే లెక్కపెట్టనివ్వండి, కానీ ఎంత ఉండాలో ముందే చెప్పొద్దు. అంకె తెలిస్తే చెయ్యి దానికే సరిపెడుతుంది. అతను రాసిచ్చాక మీరు చిట్టాతో పోల్చండి.

తాళం గోల: మా షాపులో ముందు షట్టర్ దించేసి, వెనక గడియ మరిచిపోయేవాళ్లం. ఇప్పుడు ముందు వెనక తలుపు, తర్వాత స్విచ్‌లు, ఆఖర్న షట్టర్. మీ జాబితాలో వెనక తలుపు ఉందా?

కొత్త దుకాణదారు: ఉందండీ, నా సందేహం డబ్బు గురించే. నిన్న పొద్దున్న 2,000. నగదు అమ్మకం చిట్టాలో 14,350. సరుకు తెచ్చినతనికి గల్లాలోంచి 600 ఇచ్చాం. 15,750 ఉండాలి, 15,210 ఉంది.

లెక్కల మనిషి: తేడా 540. ముందు ఫోన్‌లో వచ్చిన చెల్లింపులు చూడండి. అందులో ఏదైనా నగదు కింద రాసి ఉంటే గల్లా సరిగ్గా ఆ బిల్లు మేరకే తగ్గుతుంది. అది కాకపోతే, 540 తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది చూశారా? పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అలాగే వస్తుంది. 170 బిల్లుని 710 అని రాశారేమో వెతకండి. ఇది ఆనవాలే, రుజువు కాదు. చిల్లర ఎక్కువిచ్చినా ఎప్పుడైనా 540 రావచ్చు.

కొత్త దుకాణదారు: దొరికింది! మధ్యాహ్నం రద్దీలో 170 బిల్లు 710గా పడింది. రాసింది నేనే, హెల్పర్ కాదు.

పాత కాపు: సరే, పొద్దున్న లెక్క ఉండనివ్వండి. కానీ నిజంగా డబ్బు తగ్గిన రోజు హెల్పర్ జీతంలో కోసుకోవాల్సిందే, లేకపోతే జాగ్రత్త ఉండదు.

లెక్కల మనిషి: దానికి నేను ఒప్పుకోను. కోత భయం పెడితే అతను తేడా రాయడం మానేసి, సొంత డబ్బుతో పూడుస్తాడు. అప్పుడు చిట్టాలో తప్పు ఎక్కడుందో మీకు ఎప్పటికీ కనపడదు.

పాత కాపు: నెలకోసారైతే వదిలేస్తా. ప్రతి వారం తగ్గుతుంటే మీరేం చేస్తారు?

లెక్కల మనిషి: వారం పాటు గల్లా ఒక్కరి చేతిలోనే ఉంచి చూస్తాను. ఇద్దరే ఉన్న షాపులో అది కుదరడం కష్టమే, భోజనానికి వెళ్లినప్పుడైనా చెయ్యి మారుతుంది.