వాట్సాప్‌లో "ఇస్తాలే బామ్మర్దీ" అంటే అది అగ్రిమెంటేనా?

ఉప్పుటేరు
పొద్దున్నుంచి ఇదే పని, తల బద్దలైపోతుండాది. ఒకడు నోటు లేకపోతే పైసా రాదంటాడు, ఇంకొకడు వాట్సాప్ ఉంటే చాలంటాడు. మా బావకి రెండు లక్షలు ఇచ్చా. ఇంటి మనిషే కదా అని ఏమీ రాయించుకోలా. ఇస్తా ఇస్తా అని వాట్సాప్‌లో చెప్తానే వచ్చాడు. ఇప్పుడేమో "ఏం రాసిచ్చానో చూపించు" అంటుండాడు. స్టేషన్‌కి పోతే సివిల్ మేటరని పంపించేశారు. వాట్సాప్‌లో అన్నమాట అగ్రిమెంటు అవుద్దా, అవదా? ఒక్క ముక్క చెప్పండి సామీ.

గుండ్లకమ్మ గట్టు
అవదు. స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితేనే అగ్రిమెంటు. ప్రోనోటు లేని బాకీ గురించి కోర్టుకి పోవడం దండగ.

కావలి కోర్టు గుమాస్తా
అవుతుంది. ఎప్పుడు ఇచ్చారు? నగదా, బ్యాంకా?

గుండ్లకమ్మ గట్టు
గుమాస్తా గారూ, అవుతుందని ఎట్టా అంటారు? మా ఒంగోల్లో వడ్డీ వ్యాపారం చేసే ఎవరినైనా అడగండి, నోటు లేకుండా రూపాయి తియ్యరు.

కావలి కోర్టు గుమాస్తా
తియ్యరు, నిజమే. దానికి కారణం వేరు. నోటు మీద సంతకం అతనిదేనని తేలితే, డబ్బు ముట్టిందని కోర్టు ముందుగానే అనుకుంటుంది. ముట్టలేదని చూపించే బరువు బాకీదారు మీద పడుతుంది. నోటు లేకపోతే ఇచ్చానని, అదీ అప్పుగా ఇచ్చానని చూపించే బరువు మన మీద ఉంటుంది. తేడా అంతే. అప్పు ఒప్పందం నోటిమాటగా చేసుకున్నా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పుకుంటుంది. ఫోన్‌లో, మెయిల్‌లో చేసుకున్నది ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెప్తుంది. స్టాంపు, సాక్షులు లేకపోతే ఒప్పందమే కాదనడం తప్పు.

ఉప్పుటేరు గారూ, తేదీలు చెప్పండి.

పాత లెక్కల మాస్టారు
ముందు ఇది చెప్పండి బాబూ, అందులో నగదు ఎంత? ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. అకౌంటు పేయీ చెక్కో, డ్రాఫ్టో, బ్యాంకు బదిలీయో ఉండాలి. చుట్టాల మధ్య ఎవరూ పట్టించుకోరు. నోటు రాసేవాళ్లు "నగదుగా రొక్కం పుచ్చుకొంటిని" అని లక్షలు రాసేస్తారు. అది రాసి సంతకం పెట్టినవాడు తన మీద తానే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు. జనానికి ఎన్నిసార్లు చెప్పినా...

కావలి కోర్టు గుమాస్తా
మాస్టారూ, ఆ పెనాల్టీ తీసుకున్నవాడికి. ఇచ్చినవాడి బాకీ దానివల్ల పోదు. ఇక్కడ అది వేరే సంగతి.

పాత లెక్కల మాస్టారు
వేరే సంగతి కాదండీ, క్రమశిక్షణ సంగతి.

ఉప్పుటేరు
తేదీలా... 2022 నవంబరు 14న లక్ష, 15న యాభై వేలు ఫోన్‌పే. రోజుకి లక్ష దాటి పోలేదు, అందుకని రెండు రోజులు పట్టింది. ఇంకో యాభై వేలు క్రిస్మస్ ముందు, డిసెంబరు 20న, చేతికి ఇచ్చా. 2024 ఫిబ్రవరిలో ఇరవై వేలు ఫోన్‌పేలోనే తిరిగి వేశాడు. ఇవన్నీ కావాలా? నేనడిగింది వాట్సాప్ చెల్లుద్దా అనే కదా.

కావలి కోర్టు గుమాస్తా
ఇవే కావాలి. వాట్సాప్ సంగతి తర్వాత. మీ మొదటి లక్షకి గడువు ఈ 2025 నవంబరు 14తో అయిపోతోంది. చేతిలో నెల రోజులు ఉన్నాయంతే. అప్పు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలో దావా వెయ్యాలి, దాటితే కాలదోషం. యాభై వేలకి 15వ తేదీ, నగదుకి డిసెంబరు 20.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగదు. స్టేషన్‌లో అర్జీ పెట్టినా ఆగదు. దావా కోర్టులో దాఖలైతేనే ఆగుతుంది. నోటీసుకి జవాబు వస్తుందేమోనని కూర్చుని గడువు దాటించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు.

గుండ్లకమ్మ గట్టు
మధ్యలో ఇరవై వేలు జమ చేశాడు కదా. అక్కణ్ణించి మళ్లీ మూడేళ్లు. కంగారు పెట్టబాకండి మనిషిని.

కావలి కోర్టు గుమాస్తా
సగం నిజం. నోటు వెనక చెల్లు వేయించుకుంటాం చూడండి, తేదీ, మొత్తం రాసి బాకీదారు చేత సంతకం పెట్టించి. అది ఎందుకంటే, గడువు లోపల కొంత కట్టినట్టు కట్టినవాడి చేతిరాతలోనో, సంతకంతోనో ఉంటేనే కొత్త గడువు మొదలవుతుంది. ఉత్త ఫోన్‌పే ఎంట్రీకి ఆ రాత లేదు. బాకీ కిందే కట్టానని అతను ఎక్కడన్నా రాశాడా అన్నది చూడాలి.

ఉప్పుటేరు
రాశాడు. 2024 ఏప్రిల్‌లో, ఉగాది తర్వాత: "నీ రెండు లక్షల్లో ఇరవై ఇచ్చా కదా బామ్మర్దీ. మిగతాది పట్టుబడికి సర్దేస్తాలే, ఎగ్గొట్టేవాణ్ణా నేను." ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు, మాట ఇదే.

కావలి కోర్టు గుమాస్తా
ఇదండీ ముందు పెట్టాల్సింది. ఈ ఒక్క మెసేజీలో మూడు పనులున్నాయి. మొత్తం రెండు లక్షలని తనే అన్నాడు, అంటే ఆధారం లేని నగదు యాభై వేలు కూడా అందులో కలిసింది. ఇరవై వేలు ఆ బాకీ కిందే ఇచ్చానన్నాడు. మిగతాది ఇవ్వాలని ఒప్పుకున్నాడు. మిగిలింది లక్షా ఎనభై వేలు.

గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఆ లెక్కన 2027 ఏప్రిల్ దాకా. అయితే వాట్సాప్ మెసేజీలో సంతకం ఏదని అవతలి లాయరు తప్పకుండా పట్టుకుంటాడు. అతని నంబరు నుంచి వచ్చిందే చాలని మనం వాదించొచ్చు. ఆ వాదన మీద మొత్తం డబ్బు పెట్టడం ఎందుకు, నవంబరు 14 లోపలే దావా పడితే ఆ తగాదాయే రాదు.

దర్గామిట్ట మూడో అంతస్తు
ఇదే విషయం నాదీ అడుగుతా. నెల్లూరులో ముగ్గురం కలిసి ఇల్లు తీసుకున్నాం. అద్దె తలా నాలుగు వేలని గ్రూపులో రాసుకున్నాం, ముగ్గురూ సరేనని బొటనవేలి బొమ్మ పెట్టారు. ఒకడు చెప్పాపెట్టకుండా పోయాడు. అతని వాటా ఓనరు నన్నే కట్టమంటున్నాడు. పదకొండు నెలల కాగితం మీద సంతకం నాదొక్కడిదే.

కావలి కోర్టు గుమాస్తా
ఓనరుకి మీరే కట్టాలి, మీ గ్రూపుతో ఆయనకి సంబంధం లేదు. పోయినవాణ్ణి మీరు అడగొచ్చు.

ఇందుకూరుపేట మేత డీలరు
ఉప్పుటేరూ, పట్టుబడి అంటున్నావు. రొయ్యల చెరువుకా ఇచ్చింది? డబ్బు అడిగినప్పుడు ఏమని అడిగాడు? అది చెప్పు ముందు.

ఉప్పుటేరు
అవునన్నా. "చెరువుకి మేత అర్జెంటు, రెండు లక్షలు సర్దు బామ్మర్దీ, లాభం వస్తే నీకూ చూస్తా" అన్నాడు.

ఇందుకూరుపేట మేత డీలరు
అదే నేననుకుంటున్నా. రేపు కోర్టులో ఏమంటాడో చెప్పనా? అది అప్పు కాదు, చెరువులో వాటా పెట్టుబడి. రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలి చెరువు ఎత్తేశా, నాతోపాటు ఆయన వాటా కూడా పోయింది అంటాడు. మా సైడు సగం తగాదాలు ఇవే.

కావలి కోర్టు గుమాస్తా
మంచి పాయింటు. ఫోన్‌పే కాగితం డబ్బు పోయిందని చెప్తుంది, ఎందుకు పోయిందో చెప్పదు. "లాభం వస్తే నీకూ చూస్తా" అతని వైపు లాగుతుంది. "సర్దు", ఆ తర్వాత "మిగతాది సర్దేస్తా" మన వైపు లాగుతాయి. వాటాదారుకి ఎవరూ ఇరవై వేలు తిరిగిచ్చి మిగతాది తర్వాత ఇస్తాననరు. వాటా ఎంత, నష్టం ఎవరిది, లెక్క ఎప్పుడు చూసుకోవాలి అని చాట్‌లో ఎక్కడన్నా ఉందా? లేకపోతే అప్పనే వాదనకే బలం.

గుండ్లకమ్మ గట్టు
ఇదసలు అప్పు కూడా కాదు, చేబదులు. చేబదులుకి వడ్డీ ఉండదు, దావా ఉండదు.

కావలి కోర్టు గుమాస్తా
దావా ఉంటుంది. వడ్డీ మాట నిజం. చాట్‌లో వడ్డీ మాట లేదు కాబట్టి నూటికి రెండు రూపాయలని దావాలో రాస్తే నిలబడదు. వడ్డీ కావాలని నోటీసులో అడిగితే, ఆ నోటీసు రోజు నుంచి కోర్టు తనకి సబబనిపించిన రేటు ఇవ్వొచ్చు. నోటీసు ఉపయోగం అది.

ఇక ఫోన్ సంగతి. ఆ ఫోన్ మార్చొద్దు, రీసెట్ చెయ్యొద్దు. చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకోచోట దాచండి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు "బావ" అని సేవ్ చేసిన పేరు కాకుండా నంబరు కనబడేలా తియ్యండి, మీరు పంపినవి కత్తిరించకండి. కత్తిరిస్తే దాచిన ముక్కలో ఏముందన్నదే మొదటి ప్రశ్న. ప్రింట్లు కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చెయ్యాలి. అందులో ఒక భాగం ఫోన్ వాడేవాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైలు మారలేదని చూపించే అంకెల గుర్తు, అదే హాష్ విలువ, రాయాలి. 2024 జులై 1 నుంచి ఇదే పద్ధతి. రెండో భాగం దగ్గరే చాలామందివి ఆగిపోతున్నాయి, ముందే మనిషిని చూసుకోండి.

ఉప్పుటేరు
డిసప్పియరింగ్ ఆన్‌లోనే ఉంది!! 90 రోజులు. ఎవరు పెట్టారో. కొంప మునిగిందా?

కావలి కోర్టు గుమాస్తా
ఆన్ చేసిన తర్వాత పంపినవే పోతాయి, అంతకు ముందువి ఉంటాయి. ఎప్పుడు ఎవరు మార్చారో చాట్‌లోనే చిన్న గీతగా రాసి ఉంటుంది, పైకి జరుపుకుని చూడండి.

ఉప్పుటేరు
ఈ సంవత్సరం మే నెలలో, ఆయనే. 2024 ఏప్రిల్‌ది ఉంది. ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ కొట్టా.

పొదిలి ఆడపడుచు
మా ఇంటి విషయం కూడా చెప్పండి. ఫ్యామిలీ గ్రూపులో మా అన్న "నాన్న ఇంట్లో నాకు వాటా వద్దు, చెల్లి తీసుకోవచ్చు" అని పెట్టాడు. నాన్న లేరు. అది సరిపోతుందా?

కావలి కోర్టు గుమాస్తా
సరిపోదమ్మా. ఇంటి వాటా వదులుకోవాలంటే విడుదల దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చెయ్యాలి. డబ్బు బాకీ వేరు, స్థిరాస్తి వేరు. మీ అన్నకి ఆ మనసు ఉన్నప్పుడే చేయించుకోండి.

గుండ్లకమ్మ గట్టు
ఇక్కడ మాత్రం మీరు తప్పు. నోటిమాటగా పంచుకుని, తర్వాత పారీఖత్తు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మా సైడు తాతల కాలం నుంచి అట్టాగే.

కావలి కోర్టు గుమాస్తా
ముందే జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకానికి రాసుకుంటే అక్కర్లేదు. ఆ కాగితంతోనే వాటా చేతులు మారితే కావాలి. "వద్దు" అన్న మెసేజీ పంపకం కాదు.

గుండ్లకమ్మ గట్టు
రెవెన్యూ రికార్డులో పేర్లు మారి, ఎవరి వాటా వాళ్లు అనుభవిస్తుంటే?

పాత లెక్కల మాస్టారు
పారీఖత్తు మీద కూడా స్టాంపు డ్యూటీ సంగతి ఉంది. దాని గురించి వివరంగా రేపు రాస్తాను.

దర్గామిట్ట మూడో అంతస్తు
అతని వాటా అడగొచ్చన్నారు, ఎంతకాలానిది? పోయిన నెల వరకా, పదకొండు నెలలకా? ఎవరన్నా చెప్పండి.

ఇందుకూరుపేట మేత డీలరు
ఉప్పుటేరూ, దావా వేసేముందు ఒకసారి పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి కొత్త నోటు రాయమని అడుగు. రాస్తే అక్కణ్ణించి మూడేళ్లు ఉంటుంది.

కావలి కోర్టు గుమాస్తా
అడగండి, తప్పులేదు. నవంబరు మొదటి వారం దాటనివ్వకండి. నోటు రాస్తే రెవిన్యూ స్టాంపు మీదుగా సంతకం పడాలి. స్టాంపు సరిగా లేని ప్రోనోటుని తర్వాత జరిమానా కట్టి కూడా సరిచేసుకోలేం.

ఉప్పుటేరు
సరే అన్నా, ఆదివారం పిలిపిస్తుండాం. థ్యాంక్స్.

దర్గామిట్ట మూడో అంతస్తు
నా అద్దె సంగతి?