ఆఫీసు వీపీఎన్ కోసం ఇంటి రౌటర్ అడ్రస్ మనం మార్చుకోవాలా, ఆఫీసు వాళ్లే మార్చుకోవాలా?

వేణు:
ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అయిందని చూపిస్తుంది, మెయిల్ కూడా వస్తుంది. ఫైల్ సర్వర్ 192.168.1.20 మాత్రం తెరుచుకోదు. అదే ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడితే వెంటనే తెరుచుకుంటోంది. సపోర్ట్ వాళ్లని అడిగితే "మీ ఇంటి రౌటర్ రేంజ్ మార్చుకోండి" అన్నారు. ఇంట్లో మిగతావన్నీ బాగానే పనిచేస్తుంటే నేనెందుకు మార్చాలి? అసలు మార్చాల్సింది ఎవరు?

రఫీ:
ఆఫీసు వాళ్లే మార్చాలి, ఇందులో నాకు అనుమానమే లేదు. 192.168.1 అనేది ఎన్నో కంపెనీల రౌటర్లలో ఫ్యాక్టరీ నుంచే వచ్చే రేంజ్. ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేస్తారని తెలిసి కూడా సర్వర్లని అదే రేంజ్‌లో పెట్టుకోవడం వాళ్లు చేసిన పని. వాళ్లు ఒక్కచోట సరిచేస్తే అయిపోయేదానికి ఉద్యోగులందరూ ఎవరింట్లో వాళ్లు రౌటర్ విప్పుకుని కూర్చోవాలా?

అంతవరకు రౌటర్ ముట్టుకోకండి. ఆ ఒక్క సర్వర్‌కి దారి చూపిస్తే చాలు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి. చివరి నంబరు మీ వీపీఎన్ గేట్‌వేది పెట్టుకోవాలి.

```
route add 192.168.1.20 mask 255.255.255.255 10.8.0.1
```

సుజాత:
నేను ఆఫీసు వైపు నెట్‌వర్క్ చూసే మనిషిని. రఫీ గారు చెప్పిన న్యాయం కాదనను. కానీ ముందు ఇది రేంజ్ గొడవేనా కాదా అన్నది తేల్చుకోవాలి. హాట్‌స్పాట్ మీద పనిచేస్తోంది కాబట్టి అదే అయ్యుంటుంది. ఐఫోన్ హాట్‌స్పాట్ అయితే 172.20.10 తో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంది, ఆఫీసు రేంజ్‌తో దానికి పేచీ లేదు.

వేణు గారూ, ఇంటి వైఫై మీద వీపీఎన్ కలిపి, సర్వర్‌కి పింగ్ కొట్టి ఏమొస్తుందో పెట్టండి. తర్వాత `route print -4` కొట్టి 192.168.1.0 అని ఉన్న లైన్లు కూడా పెట్టండి.

వేణు:
ఇదిగోండి.

```
Reply from 192.168.1.7: Destination host unreachable.

192.168.1.0   255.255.255.0   On-link    192.168.1.7   306
192.168.1.0   255.255.255.0   10.8.0.1   10.8.0.6      331
```

సుజాత:
మొదటి లైన్ చూడండి. జవాబిచ్చింది సర్వర్ కాదు, 192.168.1.7, అంటే మీ ల్యాప్‌టాపే. "ఈ ఇంట్లో .20 ఎవరు?" అని అది వైఫై మీద కేక వేసింది, ఎవరూ పలకలేదు, దొరకలేదని తనే చెప్పింది. ప్యాకెట్ వీపీఎన్ వైపు అసలు వెళ్లనే లేదు.

కింద రెండు లైన్లలో గమ్యం ఒకటే, మాస్క్ ఒకటే. అంత సమానంగా ఉన్నప్పుడు విండోస్ చివరి అంకె చూస్తుంది, ఏది తక్కువైతే దాన్ని పట్టుకుంటుంది. 306 మీ వైఫైది, 331 వీపీఎన్‌ది. అందుకే ఇల్లే గెలిచింది.

మీ ఇంట్లో నిజంగానే .20 అనే టీవీయో కెమెరాయో ఉండుంటే ఇంకా చిక్కు. పింగ్‌కి జవాబు చక్కగా వచ్చేది, ఫైళ్లు మాత్రం తెరుచుకునేవి కావు. అలాంటప్పుడు టైమ్ చూసి పట్టుకోవచ్చు. దూరంగా ఉన్న ఆఫీసు సర్వర్ 2 మిల్లీసెకన్లలో పలకదు.

కొన్ని వీపీఎన్ క్లయింట్లు తమ అంకెని తక్కువగా పెట్టుకుంటాయి. అప్పుడు కథ తిరగబడుతుంది. సర్వర్ దొరుకుతుంది, ఇంట్లో ప్రింటర్ మాయమవుతుంది, ఒక్కోసారి రౌటర్ కూడా అందక నెట్ మొత్తం ఆగిపోతుంది. రెండింటికీ జబ్బు ఒకటే.

భాస్కర్:
దీనికింత చర్చ ఎందుకండీ, 10 తో మొదలయ్యే రేంజ్ పెట్టేయండి. 192.168 చిన్నది, 10 చాలా పెద్దది, కోటీ అరవై ఏడు లక్షలకు పైగా అడ్రస్‌లు. అంతదాంట్లో గుద్దుకునే ఛాన్సే లేదు. మా ఇంట్లో 10.77.5 పెట్టుకున్నాను, ఇంతవరకు ఒక్క సమస్య రాలేదు.

సుజాత:
భాస్కర్ గారూ, పెద్దదన్నది నిజమే. పెద్దది కాబట్టే ఆఫీసులు కూడా దాన్నే తీసుకుంటాయి. వేణు గారి వీపీఎన్ గేట్‌వే కూడా 10.8 లోనే ఉంది. చాలా ఆఫీసులు "10 తో మొదలయ్యేదంతా మాకు పంపు" అని మొత్తం రేంజ్‌కి ఒకే దారి ఇస్తాయి.

మీకు సమస్య ఎందుకు రాలేదో కూడా చెప్తాను. ఒకే అడ్రస్‌కి రెండు దారులున్నప్పుడు, అంకెల కన్నా ముందు ఏది ఇరుకైనదో చూస్తారు. మీ ఇంటి 10.77.5 లో పట్టేది 256 అడ్రస్‌లే, ఆఫీసు దారి 10 అంతటికీ. కాబట్టి 10.77.5 వరకు ఇంటికి, మిగతాదంతా ఆఫీసుకి పోతుంది. ఆఫీసులో 10.77.5 లో మీకు కావాల్సింది ఇప్పుడు ఏమీ లేదు, అందుకే హాయిగా ఉంది. రేపు అక్కడ కొత్త సర్వర్ పెడితే అది మీ ఒక్కరికే కనిపించదు, మీ సపోర్ట్ వాళ్లకి కారణం అంత తొందరగా తట్టదు.

భాస్కర్:
ఆ లెక్కన 192.168 లో ఏది పెట్టినా అదే ప్రమాదం ఉంటుంది కదా. ఆఫీసు వాళ్లు 192.168 మొత్తానికి దారి ఇస్తే?

సుజాత:
ఉంటుంది, తక్కువ ఉంటుంది. అందుకే గుడ్డిగా ఎంచుకోవద్దంటాను. వీపీఎన్ కలిపాక ఆ `route print` జాబితా చదివి, అందులో లేని రేంజ్ తీసుకోవాలి. 172.16 నుంచి 172.31 వరకు కూడా ఇళ్లకి వాడుకోవచ్చు, కానీ డాకర్ వాడేవాళ్లయితే అది మామూలుగా 172.17 తో మొదలుపెట్టి అక్కడే కూర్చుంటుంది. నేనైతే 192.168 లోనే 0, 1 లాంటి అందరూ వాడేవి వదిలేసి మధ్యలో ఏదో ఒకటి, 192.168.87 అనుకోండి, అది పెడతాను.

కిరణ్:
మా ఆఫీసు వాళ్లు మా ఇంటి ఐపీని అనుమతించిన జాబితాలో పెట్టారు. ఈ రేంజ్ మారిస్తే ఆ పర్మిషన్ పోతుందా? దాని కోసం మళ్లీ మేనేజర్ చుట్టూ తిరగాలంటే టెన్షన్.

సుజాత:
పోదు కిరణ్ గారూ. వాళ్లు రాసుకున్నది మీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన బయటి అడ్రస్. ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఇంటి లోపల పంచుకునే అడ్రస్‌ల గురించి. లోపల ఏది మార్చినా బయటికి అదే కనిపిస్తుంది.

లక్ష్మి:
మా ఇంట్లో రెండు పెట్టెలు ఉన్నాయండీ. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చినది ఒకటి, దాని వెనక మేం కొనుక్కున్న వైఫై రౌటర్ ఒకటి. మొదటిదాని పాస్‌వర్డ్ వాళ్లు ఇవ్వరు. అది 192.168.1 లోనే ఉంది. మరి మాకు దారి లేనట్టేనా?

సుజాత:
మీ ల్యాప్‌టాప్ మీ సొంత రౌటర్‌కి కనెక్ట్ అయితే చాలు లక్ష్మి గారూ. ల్యాప్‌టాప్ తను నేరుగా ఉన్న నెట్‌వర్క్‌నే తనదిగా లెక్కేసుకుంటుంది, దాని అవతల ఏ రేంజ్ ఉందో దానికి తెలియదు. మీ రౌటర్‌ని 192.168.87 కి మార్చండి, బయటి పెట్టెని వదిలేయండి. మీ రౌటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంటే మాత్రం ఇది కుదరదు, అప్పుడు అడ్రస్‌లు పంచేది బయటి పెట్టే.

వేణు గారూ, మార్చేటప్పుడు ఒక వరుస పాటించండి. ముందుగా ప్రింటర్, కెమెరా లాంటివాటిలో అడ్రస్ చేత్తో రాసి పెట్టారేమో చూసి, ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. రౌటర్ మారాక అవి పాత అడ్రస్ పట్టుకుని కూర్చుంటే వాటి సెట్టింగ్స్ పేజీ కూడా తెరుచుకోదు. ఆ తర్వాత రౌటర్‌లో LAN పేజీకి వెళ్లి అడ్రస్ 192.168.87.1, మాస్క్ 255.255.255.0 పెట్టండి. పక్కనే DHCP Server అని ఉంటుంది, అక్కడ మొదలు 192.168.87.100, చివర 192.168.87.199. కొన్ని రౌటర్లు దీన్ని తామే మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. మార్చనిదాంట్లో మర్చిపోతే ఇంట్లో ఎవరికీ నెట్ రాదు.

సేవ్ నొక్కగానే పేజీ తిరుగుతూ ఆగిపోతుంది. కంగారుపడి ప్లగ్ పీకకండి, పాత అడ్రస్ ఇక లేదు కాబట్టి అలా అవుతుంది. వైఫై ఒకసారి ఆపి మళ్లీ కలిపి, బ్రౌజర్‌లో కొత్త అడ్రస్ కొట్టండి. పోర్ట్ ఫార్వర్డింగ్, రిజర్వేషన్లు ఏమైనా పెట్టుకుని ఉంటే వాటిలో పాత అంకెలు అలాగే ఉన్నాయేమో చూడండి.

వేణు:
మార్చాను, ఫైల్ సర్వర్ తెరుచుకుంది! చాలా థ్యాంక్స్ సుజాత గారూ. వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే ఉండటంతో ఇంట్లో ఫోన్లు ఎవరూ అడగకుండానే కలిసిపోయాయి. ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది. దాని స్క్రీన్ మీద చూస్తే 192.168.87.104 తీసుకుంది, అంటే నెట్‌వర్క్‌లో ఉంది.

సుజాత:
ప్రింటర్ మారింది, విండోస్‌కి ఇంకా తెలియదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో Ports ట్యాబ్ చూడండి, అక్కడ పాత 192.168.1 అడ్రస్ ఉంటుంది. కొత్త అడ్రస్‌తో Add Port చేయండి. దాంతోపాటు రౌటర్‌లో ప్రింటర్‌కి .104 రిజర్వ్ చేస్తే మళ్లీ మారదు.

రఫీ:
చూశారా, ప్రింటర్ పోయింది, పోర్టులు మార్చాలి, రిజర్వేషన్లు. నేను చెప్పిన ఒక్క లైన్‌తో అయిపోయేది కదా?

వేణు:
రఫీ అన్నా, ముందు మీదే ప్రయత్నిద్దామనుకున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నాకు అడ్మిన్ హక్కులు లేవు.

సుజాత:
హక్కులున్నా ఆ దారి ఆ ఒక్క సర్వర్‌కే. మరో సర్వర్ కావాలంటే మరో లైన్. రీస్టార్ట్ చేస్తే పోతుంది, చాలాసార్లు వీపీఎన్ తెగి కలిసినా పోతుంది. `-p` పెట్టి నిలబెట్టుకుందామంటే వీపీఎన్ గేట్‌వే మారిన రోజు అది తప్పుదారి చూపిస్తుంది. సొంత ల్యాప్‌టాప్, ఒకే సర్వర్, ఈ ఒక్కరోజు గడిస్తే చాలు అన్నప్పుడు నేనూ అదే వాడతాను.

ఆఫీసు మార్చాలన్న మాటకొస్తే, కొత్తగా పెట్టే ఆఫీసు 192.168.1 వాడకూడదు, అందులో నేను మీ పక్షమే. ఉన్న ఆఫీసులో మార్చడం వేరు. సర్వర్ అడ్రస్ ఫైర్‌వాల్ రూల్స్‌లో ఉంటుంది, బ్యాకప్‌లో ఉంటుంది, ఎప్పుడో ఎవరో రాసిన స్క్రిప్టులో ఉంటుంది. ఏది ఎక్కడ ఆగుతుందో ముందే తెలియదు.

రఫీ:
కష్టమని ఉద్యోగి మీదకి తోసేయడం ఏం పద్ధతి? హాస్టల్లో ఉండేవాళ్ల సంగతేంటి? అక్కడ వైఫై రౌటర్ పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో ఉండదు, ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులూ ఉండవు. వాళ్లేం మార్చుకుంటారు?

సుజాత:
ఆ ప్రశ్నకి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు రఫీ గారూ. లక్ష్మి గారిలా వెనక ఒక చిన్న సొంత రౌటర్ పెట్టుకోవచ్చు, హాస్టల్ వాళ్లు ఒప్పుకుంటే. ఆఫీసు చేయగలిగింది ఒకటుంది. సర్వర్లని కదపకుండా, వీపీఎన్ గేట్‌వే దగ్గరే అడ్రస్ తర్జుమా పెట్టడం. బయటి నుంచి వచ్చేవాళ్లకి 10.200.1.20 అని చూపించి, లోపల దాన్ని 192.168.1.20 కి మళ్లించడం. ఆ సర్వర్‌ని పేరుతో పిలిచేవాళ్లకి డీఎన్ఎస్ కూడా కొత్త అడ్రస్ చెప్పేలా చేయాలి, అక్కడే ఎక్కువ పని. అంకెలు గుర్తుపెట్టుకుని కొట్టేవాళ్లకి మళ్లీ నేర్పించాలి.

భాస్కర్:
10.200 అంటే మళ్లీ 10 లోకే వచ్చారు. ఎవరో ఒకరి ఇంట్లో అదే ఉంటే?

సుజాత:
ఉండొచ్చు. అందరి ఇళ్లలో ఉండే 192.168.1 కన్నా అరుదు, అంతవరకే చెప్పగలను.

వేణు:
మా టీమ్‌లో ఇద్దరు హాస్టల్ వైఫై మీదే పనిచేస్తున్నారు, వాళ్లకీ ఇదే బాధ. ఆ రెండు `route print` లైన్లు, పింగ్ జవాబు పెట్టి, గేట్‌వే దగ్గర తర్జుమా కుదురుతుందా అని సపోర్ట్‌కి టికెట్ రాస్తున్నాను. వాళ్లేమంటారో ఇక్కడే పెడతాను.