మైనస్ డిగ్రీలకా, మొత్తానికా? డిగ్రీ–నిమిషం–సెకన్లను దశాంశంలోకి మార్చడంపై చర్చ

నిలువుగీత: నా పట్టికలో డిగ్రీ, నిమిషం, సెకను మూడు కాలమ్‌లు. దక్షిణ, పశ్చిమాలకి డిగ్రీల ముందే మైనస్ ఉంది. `=A2+B2/60+C2/3600` వేస్తే ఉత్తరం, తూర్పు సరిగ్గా వస్తున్నాయి, మిగతావి పక్కకి పడుతున్నాయి. మైనస్ అక్కడే ఉంచాలా, తీసేయాలా?

రేఖాంశి: తీసేయండి. ముందు మూడింటినీ ధనసంఖ్యలుగా కూడి, వచ్చిన మొత్తానికి చివర్లో గుర్తు పెట్టాలి.

రియో డి జనీరోనే చూడండి: 22°54′ దక్షిణం, 43°12′ పశ్చిమం. 54 నిమిషాలంటే 0.9 డిగ్రీ, కాబట్టి జవాబు −22.9. మీ సూత్రం −22కి 0.9 కలుపుతుంది, −21.1 వస్తుంది. రేఖాంశం కూడా అంతే, −43.2 రావలసింది −42.8 అవుతుంది. బిందువు ఉత్తరానికి దాదాపు 200 కిలోమీటర్లు, తూర్పుకి 40 కిలోమీటర్లు జరిగి, సముద్రతీరం నుంచి మీనాస్ జెరైస్ రాష్ట్రం లోపలికి వెళ్ళిపోతుంది.

దేశం మారలేదు, అర్ధగోళం మారలేదు. అందుకే ఈ తప్పు చాలాసార్లు ఎవరి కంటా పడదు. కలపాల్సింది తీసేశాం కనుక తేడా ఎప్పుడూ నిమిషాలు, సెకన్ల భాగానికి సరిగ్గా రెట్టింపు. అదీ ఎప్పుడూ భూమధ్యరేఖ వైపుకో, సున్నా రేఖాంశం వైపుకో. నిమిషాలు, సెకన్లు సున్నా అయిన వరుసలు మాత్రం తప్పు సూత్రంతోనూ సరిగ్గానే వస్తాయి. వాటిని చూసి మోసపోకండి.

సూత్రధారి: ఇంతోటి దానికి మైనస్ తీసేయడం ఎందుకండీ? డిగ్రీ గుర్తు చూసుకుంటే చాలు, వేరే కాలమ్ అక్కర్లేదు.

```
=IF(A2<0,-1,1)*(ABS(A2)+B2/60+C2/3600)
```

రేఖాంశి: రియోకి ఇది సరిపోతుంది సూత్రధారి గారూ. క్విటోకి సరిపోదు. అది 0°13′ దక్షిణం. డిగ్రీల సెల్‌లో `-0` కొట్టి ఎంటర్ నొక్కగానే అక్కడ ఉత్త `0` మిగులుతుంది. సున్నా కన్నా తక్కువ కాదు కాబట్టి మీ సూత్రం +0.2167 ఇస్తుంది, నగరం 48 కిలోమీటర్లు ఉత్తరానికి జరుగుతుంది. లండన్ నడిబొడ్డు 0°07′ పశ్చిమం, దానికీ ఇదే గతి. పైథాన్‌లో `float("-0")` మైనస్‌ని దాచుకుంటుంది గానీ, `< 0` అని అడిగితే కాదనే అంటుంది.

అందుకే దిక్కు D కాలమ్‌లో అక్షరంగా ఉండాలి:

```
=(A2+B2/60+C2/3600)*IF(OR(D2="S",D2="W"),-1,IF(OR(D2="N",D2="E"),1,NA()))
```

చివరి `NA()` తీసేయకండి. "S" పక్కన ఖాళీ ఉన్నా, సెల్ ఖాళీగా ఉన్నా చప్పుడు చేయకుండా ప్లస్ అయిపోవడం కన్నా, తప్పని తెరమీద కనబడటం మేలు.

దక్షిణగాలి: నాదీ ఇదే సమస్య. జీపీఎస్‌లో సిడ్నీ ఒపెరా హౌస్ దగ్గర `S 33° 51.408'` చూపించింది. 33, 51, 408 అని మూడు కాలమ్‌లలో వేసి, పై సూత్రమే వాడాను. −33.9633 వచ్చింది, బిందువు 12 కిలోమీటర్లు దక్షిణాన పడింది. గుర్తు ఎక్కడ తప్పింది?

రేఖాంశి: గుర్తు తప్పలేదండీ. గుర్తు తప్పయితే బిందువు భూమధ్యరేఖ వైపు జరగాలి, మీది దూరంగా జరిగింది. అవి 408 సెకన్లు కావు, 51.408 నిమిషాలు. B లో 51.408, C లో 0 వేస్తే −33.8568 వస్తుంది. సెకన్ల కాలమ్‌లో 60 గానీ, అంతకు మించి గానీ కనబడితే అక్కడే ఆగి చూడాలి.

సూత్రధారి: సున్నా సంగతి ఒప్పుకుంటున్నాను. మరి −22 అనీ ఉంది, పక్కన S కూడా ఉందనుకోండి? మీ సూత్రం −21.1ని మళ్ళీ −1తో గుణించి +21.1 చేస్తుంది. A2కి ABS తగిలిస్తే సరి.

రేఖాంశి: తగిలిస్తే ఆ వరుస బాగుపడుతుంది. కానీ −22 పక్కన N ఉంటే? రెండిట్లో ఏది నిజమో ABSకి తెలియదు, అక్షరాన్నే నమ్మేస్తుంది. నేనైతే A2 సున్నా కన్నా తక్కువైతే లెక్క ఆపేసి, అసలు కాగితం చూస్తాను.

సూత్రధారి: పది వరుసలైతే చూడొచ్చు. పదివేలుంటే? మైనస్, S ఒకే మాట చెబుతున్నప్పుడు లెక్క ఆపక్కర్లేదు, పోట్లాడుకున్నప్పుడే ఆపాలి.

నిలువుగీత: అక్షరాలు పెట్టి మళ్ళీ లెక్కించాను, పశ్చిమం బిందువులు కూర్చున్నాయి. కొన్ని వరుసల్లో మాత్రం W బదులు O ఉంది, అక్కడ `#N/A` వస్తోంది.

రేఖాంశి: O ని ఒకేసారి W గా మార్చేయకండి. స్పానిష్, ఫ్రెంచ్, పోర్చుగీస్ పటాల్లో O అంటే పశ్చిమం, జర్మన్ పటాల్లో తూర్పు. ఆ వరుసలు ఏ భాష పటం నుంచి వచ్చాయో ముందు చూడండి.